నిన్నటి అంకె తప్పైతే: ముంపు పట్టికను సవరించే పద్ధతి

(అమలాపురంలో గ్రామ వ్యవసాయ సహాయకులకు, మండల కార్యాలయ సిబ్బందికి జరిగిన ఒక శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరగానే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయని మీకు తెలుసు. రెండవ హెచ్చరిక నాటికి లంక గ్రామాల వారు పశువులను గట్టు మీదికి తోలుకొస్తుంటారు, మురుగు కాలువలు నీటిని లాగడం మానేస్తాయి, మీ కార్యాలయంలో సాయంత్రం పట్టిక మొదలవుతుంది. ఏ గ్రామంలో ఎంత వరి నీట మునిగింది, ఎంతమంది రైతులకు చెందినది అన్న వివరాలు రోజూ ఒక వేళకు మండలం నుండి డివిజనుకు, అక్కడి నుండి జిల్లాకు వెళతాయి. ఆ పట్టికలో నిన్న పంపిన ఒక అంకె తప్పని ఈ ఉదయం తెలిస్తే ఏమి చేయాలన్నది నేటి విషయం. దీనిని నీతి పాఠంగా చెప్పే ఉద్దేశం నాకు లేదు. పట్టికకు సంబంధించిన పనిగానే చూద్దాం.

ముందుగా ఒక తేడాను స్పష్టం చేసుకోవాలి. వరద రోజుల్లో అంకె మారడానికి మూడు వేర్వేరు కారణాలు ఉంటాయి. నీరు పెరిగినా తగ్గినా ముంపు విస్తీర్ణం మారుతుంది. ఇది మామూలు మార్పు, దీనికోసమే రోజూ పట్టిక పంపుతున్నాం. నీరు పూర్తిగా తీసిన తరువాత పొలానికి వెళ్ళి లెక్కించినప్పుడు మరొక మార్పు వస్తుంది. మునిగిన పొలమంతా నష్టపోయిన పొలం కాదు. నాట్లు వేసిన వరి కొద్ది రోజులు నీటిలో ఉండి తేరుకోవచ్చు, పెట్టుబడి రాయితీకి 33 శాతం, ఆ పైన నష్టం జరిగిన పంటనే లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి ముంపు అంకె కంటే నష్టం అంకె తక్కువగా ఉండడం సహజం. మూడవ కారణం పొరపాటు. నీరు ఒక్క అంగుళం కూడా కదలలేదు, పొలంలో ఏమీ మారలేదు, కాని మనం రాసిన అంకె మొదటి నుండీ తప్పు.

బయటి నుండి చూసేవారికి ఈ మూడూ ఒకే విధంగా కనబడతాయి. నిన్న ఒక అంకె, ఈరోజు మరొక అంకె. మొదటిదో రెండవదో అయితే వివరణ అక్కరలేదు. మూడవదైతే అది పొరపాటని మనం చెబితే తప్ప ఎదుటివారికి తెలిసే మార్గం లేదు. నేను ఈరోజు చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క చోటనే ఉంది: పొరపాటు వల్ల వచ్చిన మార్పును నీటి వల్ల వచ్చిన మార్పులో కలపకూడదు.

ఒక ఉదాహరణను వివరంగా చూద్దాం. ఇది పాఠం కోసం నేను కట్టిన లెక్క, ఏ మండలానికీ చెందినది కాదు. ఆగస్టు నెల, సార్వా నాట్లు పూర్తయ్యాయి. మండలంలో ఐదు గ్రామాల నుండి ముంపు వివరాలు వచ్చాయి. 14వ తేదీ సాయంత్రం 6 గంటలకు పంపిన పట్టికలో మొదటి గ్రామం 142 హెక్టార్లు, రెండవది 96, మూడవది 310, నాలుగవది 188, ఐదవది 74. మొత్తం 810 హెక్టార్లు. పట్టిక వెళ్ళిపోయింది, డివిజన్ వారు అందినట్టు జవాబు కూడా ఇచ్చారు. మరునాడు ఉదయం మండల కార్యాలయంలో ఒకరు ఈ-పంట నమోదును పక్కన పెట్టుకుని చూస్తే మూడవ గ్రామంలో ఈ సీజనులో సాగైన వరి మొత్తం 380 ఎకరాలని, అంటే దాదాపు 154 హెక్టార్లని తేలింది. సాగైనదే 154 అయినప్పుడు 310 ఎలా మునుగుతుంది? గ్రామానికి ఫోన్ చేస్తే అక్కడి సహాయకుడు ఎకరాల్లో చెప్పాడని, ఆ అంకె హెక్టార్ల గడిలో అలాగే కూర్చుందని అర్థమైంది. ఒక హెక్టారుకు 2.47 ఎకరాలు కాబట్టి 310 ఎకరాలంటే సుమారు 125 హెక్టార్లు. సరైన మొత్తం 625. పట్టికలో ఎక్కువ పడినది 185 హెక్టార్లు.

మన ప్రాంతంలో ఈ పొరపాటు జరగడానికి ప్రత్యేకమైన కారణం వెతకనక్కరలేదు. రైతు ఎకరాల్లో, సెంట్లలో మాట్లాడతాడు. కౌలు, దిగుబడి, అప్పు అన్నీ ఎకరానికే లెక్క. ప్రభుత్వ పట్టిక మాత్రం హెక్టార్లు అడుగుతుంది. ఈ రెండింటి మధ్య రోజూ ఎవరో ఒకరు గుణించి భాగించాలి, అది కూడా కరెంటు లేని సాయంత్రం, చెయ్యి ఖాళీ లేని వేళ.

ఇప్పుడు 15వ తేదీ ఉదయం 8 గంటలైంది. మండలంలో కూర్చున్నవారికి ఒక సులభమైన దారి కనిపిస్తుంది. ఎలాగూ సాయంత్రం కొత్త పట్టిక పంపాలి. రాత్రి వాన లేదు, మొదటి గ్రామంలోను, ఐదవ గ్రామంలోను కొంత నీరు తీసింది. ఈరోజు నిజమైన ముంపు 560 హెక్టార్లనుకుందాం. నోరు మెదపకుండా సాయంత్రం 560 అని పంపిస్తే సరిపోతుంది కదా, నిన్నటి తప్పు తనంతట తానే మాయమవుతుంది, ఎవరికీ ఇబ్బంది లేదు అనిపిస్తుంది. ఈ ఆలోచన చేసేవారిని నేను మోసగాళ్ళనను. పని ఒత్తిడిలో ఉన్న మంచి ఉద్యోగులకే ఇది ముందుగా తోస్తుంది.

కాని డివిజన్ కార్యాలయంలో ఆ పట్టికను చూసేవారి స్థానంలో కూర్చుని చూడండి. వారి ముందు నిన్న 810, ఈరోజు 560 అని రెండు అంకెలు ఉంటాయి. ఒక్క రోజులో 250 హెక్టార్ల నుండి నీరు దిగిపోయిందని వారు చదువుతారు. అసలు దిగినది 65 హెక్టార్లే. ఈ మండలంలో మురుగు కాలువ బాగా లాగుతోందని, గుర్రపుడెక్క తొలగించడానికి పెట్టిన పొక్లెయిన్ పని అయిపోయిందని అనుకుని దానిని పక్క మండలానికి పంపవచ్చు. ఆయిల్ ఇంజన్లకు వచ్చిన వినతిని వెనక్కి పెట్టవచ్చు. చేలో నీరు మాత్రం అలాగే ఉంటుంది. నిన్నటి తప్పు ఎక్కువ చూపిన తప్పు, దాని వల్ల కలిగిన నష్టం స్వల్పం. దానిని ఈరోజు అంకెలో కలిపి దాచడం వల్ల పుట్టినది లేని తగ్గుదలను చూపే రెండవ తప్పు, అది నేరుగా పొలం మీద పడుతుంది. పైగా మొదటిది తెలియక చేసినది, రెండవది తెలిసి చేసినది.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. నిన్నటి 810 నిన్నటితో ఆగిపోదు. వారం తరువాత జిల్లాలో ఎవరైనా ఈ వరదలో మీ మండలంలో గరిష్ఠ ముంపు ఎంత అని చూస్తే ఆ వరుసలో అన్నిటికంటే పెద్ద అంకె 810 అవుతుంది. అదే నివేదికలోకి ఎక్కుతుంది. తరువాత లెక్కింపులో నష్టపోయిన విస్తీర్ణం 400 హెక్టార్లని తేలితే, 810 మునిగితే సగమే నష్టపోయిందా అని ఒకరు ప్రశ్నిస్తారు, మరొకరు మావి వదిలేశారని ఆందోళనకు దిగుతారు. అప్పటికి ఆ 810 ఎక్కడ పుట్టిందో మీకే గుర్తుండదు.

కాబట్టి సవరణను సాయంత్రం పట్టికతో ముడిపెట్టక విడిగా, ముందుగా, నిన్నటి తేదీ మీదనే పంపాలి. ఎంత ముందుగా అన్నది తరచుగా అడిగే ప్రశ్న. తప్పని తెలియడానికీ, సరైనది ఎంతో తెలియడానికీ మధ్య కొంత సమయం ఉంటుంది. గ్రామం ఫోన్ ఎత్తకపోవచ్చు, అక్కడి సహాయకుడు పొలంలో ఉండవచ్చు. ఆ మధ్యకాలంలో ఊరుకోవడం కంటే, మూడవ గ్రామం అంకెపై సందేహం ఉంది, 810ని ప్రస్తుతానికి వాడవద్దు, 11 గంటలలోగా సరైన అంకె పంపుతాము అని పట్టిక అందుకున్నవారికి ఒక ఫోన్ చేయడం మంచిది. ఫోనే ఎందుకంటే, డివిజన్ వారు ఉదయం 10 గంటలకు అన్ని మండలాలనూ కలిపి జిల్లాకు పంపుతారనుకుంటే, మీ లిఖితపూర్వక సవరణ 11 గంటలకు చేరేలోపు తప్పు అంకె ఒక మెట్టు పైకెక్కి ఉంటుంది. ఒక మెట్టులో ఆపగలిగిన అంకెను మూడు మెట్ల తరువాత వెనక్కి తేవడం చాలా కష్టం. ఒకసారి కలెక్టరేట్ ప్రకటనలోకి, అక్కడి నుండి జిల్లా పేజీలోకి వెళితే ఇక అది మీ చేతిలో ఉండదు.

సవరణ రాయడానికి కూర్చునే ముందు చేయవలసిన పని ఒకటుంది. చాలామంది దీనిని వదిలేస్తారు, అందువల్లనే రెండవ సవరణ పంపవలసి వస్తుంది. ఒక గ్రామంలో ఎకరాలు హెక్టార్ల గడిలో పడ్డాయంటే అదే కారణం మిగిలిన నాలుగు గ్రామాల్లోనూ పనిచేసి ఉండవచ్చు. ప్రతి గ్రామానికీ సాగు విస్తీర్ణాన్ని పక్కన పెట్టి చూడండి. సాగు కంటే ముంపు ఎక్కువైతే తప్పు కచ్చితం. సాగు కంటే తక్కువగా ఉన్నా తప్పు ఉండవచ్చు. అటువంటి చోట రైతుల సంఖ్యతో భాగించి చూడాలి. మన ఉదాహరణలో మూడవ గ్రామానికి 168 మంది రైతులు రాశారు. 310 హెక్టార్లను 168తో భాగిస్తే రైతుకు 1.85 హెక్టార్లు, అంటే నాలుగున్నర ఎకరాలకు పైనే వస్తుంది. కోనసీమలో ఒక గ్రామంలో మునిగిన పొలం సగటున రైతుకు నాలుగున్నర ఎకరాలంటే నమ్మబుద్ధి కాదు. 310ని ఎకరాలుగా తీసుకుంటే రైతుకు 1.85 ఎకరాలు వస్తుంది, అది మనం ఎరిగిన ఊరిలా ఉంటుంది. ఈ భాగహారానికి అర నిమిషం పడుతుంది.

తప్పు అంకె తన పుట్టుకను తానే చెబుతుందని పాత గుమాస్తాలు నమ్మేవారు, అది చాలావరకు నిజం. ఉన్న అంకెకూ ఉండవలసిన అంకెకూ నిష్పత్తి దాదాపు రెండున్నర అయితే ఎకరాలు, హెక్టార్లు కలిశాయి. పదిరెట్లు తేడా ఉంటే దశాంశ బిందువు జారింది. తేడా 9తో నిశ్శేషంగా భాగింపబడితే పక్కపక్కనున్న రెండు అంకెలు తారుమారై ఉండవచ్చు. 427కు బదులు 472 రాస్తే తేడా 45, 9తో పోతుంది. 9తో పోయినంత మాత్రాన తారుమారేనని రుజువు కాదు గాని, వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. కారణం దొరికితే ఆ కారణం ఇంకెక్కడ పనిచేసిందో వెతకగలం. కారణం తెలియకుండా అంకె ఒక్కటే మార్చి పంపినవారు మధ్యాహ్నానికి మళ్ళీ క్షమాపణతో వస్తారు. మొదటి సవరణను ఎవరూ పట్టించుకోరు, పట్టిక పంపే ప్రతి కార్యాలయానికీ అది మామూలే. అదే పట్టికకు రెండవ సవరణ వచ్చేసరికి ఎదుటివారు మీ మిగిలిన అంకెలనూ అనుమానిస్తారు, ఆ అనుమానం న్యాయమైనదే.

ఇక రాయడం. నేను ఈ సవరణను ఇలా రాస్తాను. విషయం అన్న గడిలో: “సవరణ: 14వ తేదీ సాయంత్రం వరి ముంపు పట్టిక, మొత్తం 810 కాదు, 625 హెక్టార్లు”. లోపల:

“నిన్న సాయంత్రం 6 గంటలకు పంపిన వరి ముంపు పట్టికలో మొత్తం 810 హెక్టార్లుగా ఉంది; సరైన మొత్తం 625 హెక్టార్లు. మూడవ గ్రామం విస్తీర్ణాన్ని ఎకరాల నుండి మార్చకుండా హెక్టార్ల గడిలో నమోదు చేశాము. అక్కడ 310 బదులు 125 ఉండాలి. మిగిలిన నాలుగు గ్రామాల విస్తీర్ణాన్ని, అన్ని గ్రామాల రైతుల సంఖ్యను తిరిగి సరిచూశాము, వాటిలో మార్పు లేదు. 810 ఆధారంగా వేసిన అంచనాలు ఏవైనా ఉంటే 625తో మార్చవలసి ఉంటుంది. సవరించిన పట్టిక జతచేశాము. ఈరోజు పట్టిక యథాప్రకారం సాయంత్రం 6 గంటలకు పంపుతాము. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.”

అసలు ఉత్తరంలో మూడవ గ్రామం అన్న చోట ఊరి పేరు ఉంటుంది. ఇందులో తప్పు అంకె, సరైన అంకె ఒకే వాక్యంలో పక్కపక్కన ఉన్నాయని గమనించండి. సరైనది ఒక్కటే రాసి ఊరుకుంటే చదివేవారు తమ కాగితాల్లో ఏ అంకెను కొట్టివేయాలో వెతుక్కోవాలి. 810 అని రాయడం మనకు కొంచెం చేదుగా ఉంటుంది, అయినా రాయాలి, ఎందుకంటే వారు తమ పట్టికలో వెతకబోయేది ఆ 810నే.

మిగిలినవి సరిచూశాము, మార్పు లేదు అన్న వాక్యం చాలా సవరణల్లో ఉండదు. నా దృష్టిలో సరైన అంకె తరువాత అన్నిటికంటే ఉపయోగపడే వాక్యం ఇదే. ఒక తప్పు బయటపడగానే చదివేవారికి వచ్చే మొదటి ప్రశ్న, మరి తక్కినవి ఎంతవరకు నమ్మవచ్చు అన్నది. దానికి మీరు జవాబు చెప్పకపోతే వారు ఫోన్ చేస్తారు, లేదా పట్టిక మొత్తాన్ని పక్కన పెడతారు. సరిచూడకుండా ఈ వాక్యం రాయకూడదని వేరుగా చెప్పనక్కరలేదు.

అంచనాల గురించిన వాక్యం కూడా అలంకారం కోసం పెట్టినది కాదు. కేంద్రం 2022లో విడుదల చేసిన విపత్తు సహాయ నిబంధనల్లో నీటిపారుదల కింద సాగైన పంటకు హెక్టారుకు 17,000 రూపాయల పెట్టుబడి రాయితీ ఉంది. ముంపు విస్తీర్ణం మొత్తం నష్టపోతే ఎంత అవసరమవుతుందని డివిజనులో ఎవరైనా ముందస్తుగా లెక్కవేసి ఉంటే, 810కి 1,37,70,000 రూపాయలు వస్తుంది, 625కు 1,06,25,000. తేడా 31,45,000. ఆ లెక్క వేరొక కాగితం మీద, వేరొకరి చేతిరాతలో ఉంటుంది. మీ పట్టిక మారినంత మాత్రాన అది మారదు. మీ అంకె నుండి ఏయే అంకెలు పుట్టి ఉంటాయో మీరు పూర్తిగా ఊహించలేరు గాని, పుట్టి ఉండవచ్చని గుర్తు చేయగలరు.

కారణం ఒక్క వాక్యంలో చెప్పాము. టైపింగ్ పొరపాటు అని రాసి ముగించవచ్చు, చాలామంది అదే రాస్తారు, అది తేలికగా పోతుంది. కాని ఇక్కడ జరిగినది టైపింగ్ పొరపాటు కాదు. ఎకరాలను హెక్టార్లుగా మార్చలేదని నిజం రాస్తే డివిజనులో చదివినవారు పక్క మండలాల పట్టికల్లో కూడా అదే జరిగిందేమో చూస్తారు. ఒకటి రెండు చోట్ల దొరికినా ఆశ్చర్యం లేదు. అలాగే, ఎకరాల్లో చెప్పిన సహాయకుడి పేరు సవరణలో ఉండనక్కరలేదు. అతడు తనకు తెలిసిన కొలతలో చెప్పాడు. పట్టికలో నమోదు చేసి, సంతకం పెట్టి పంపినది మండలం. నమోదు చేశాము అని రాస్తే చాలు. లోపల మందలింపు ఏమైనా అవసరమైతే అది వేరే చోట, వేరే సమయంలో జరిగే పని.

ఇప్పుడు దీనికి విరుద్ధంగా తరచుగా కనబడే పద్ధతి ఒకటి చెబుతాను. “గౌరవనీయులైన సహాయ సంచాలకుల వారి దివ్యసముఖమునకు, నిన్నటి దినమున పంపిన నివేదికయందు నా అజాగ్రత్త వలన జరిగిన ఘోరమైన పొరపాటునకు మిక్కిలి చింతిస్తూ, ఇటువంటిది మరల జరగనివ్వనని హామీ ఇస్తూ, పెద్ద మనసుతో మన్నించ ప్రార్థన” అని మొదలవుతుంది. అంకె నాలుగవ పేరాలో ఉంటుంది. దీనిని ఫోన్ తెర మీద ఊహించండి. సందేశం రాగానే పైన కనబడే రెండు పంక్తుల్లో ఉన్నది చింత, అజాగ్రత్త, ప్రార్థన. జిల్లా సమావేశంలో కూర్చున్న అధికారి ఆ రెండు పంక్తులు చూసి, ఎవరో సెలవు గురించి రాశారనుకుని ఫోన్ పక్కన పెడతారు. సమావేశంలో 810 అనే చెబుతారు.

అతి క్షమాపణలో మరొక ఇబ్బంది ఉంది. అది ఎదుటివారికి ఒక పని అప్పగిస్తుంది. ఫరవాలేదమ్మా, అందరికీ జరుగుతుంది అని వారు మనల్ని ఓదార్చాలి. వరద రోజున వారికి ఆ తీరిక ఉండదు. అందుకు తోడు, 185 హెక్టార్ల తేడాకు ఘోరమైన అన్న మాట వాడేస్తే, రేపు నిజంగా ఒక లంక గ్రామం పేరు ఖాళీ చేయించవలసిన ఊళ్ళ జాబితాలో నుండి జారిపోయిన రోజున వాడడానికి మాట మిగలదు. పెద్దలకు రాసేటప్పుడు మర్యాద తగ్గించమని నేను అనడం లేదు. గారు అనండి, నమస్కారం అనండి, చివర చింతిస్తున్నాము అని ఒకసారి అనండి. ఆ ఒక్కసారి కూడా తీసివేయమనే వారున్నారు. మన కార్యాలయాల్లో అది పొగరుగా వినిపిస్తుంది, ఉండనివ్వడమే మేలు. అంకె ముందు, చింత వెనుక ఉంటే చాలు.

సవరణ ఎవరెవరికి వెళ్ళాలి? నిన్నటి పట్టిక ఎవరెవరికి వెళ్ళిందో వారందరికీ, అదే దారిలో వెళ్ళాలి. నిన్న ఈమెయిల్‌లో పంపి ఉంటే ఆ ఈమెయిల్‌కే జవాబుగా పంపితే తప్పూ ఒప్పూ ఒకే చోట ఉంటాయి. వాట్సాప్ సమూహంలో పెట్టి ఉంటే అక్కడ కూడా పెట్టాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సమూహంలో పెట్టిన పాత పట్టికను అందరికీ కనబడకుండా తొలగించే సదుపాయం ఉంది, దానిని వాడాలని చెయ్యి లాగుతుంది. వాడకండి. అప్పటికే దానిని దించుకున్నవారి ఫోన్లలో అది ఉండవచ్చు, వేరే సమూహాలకు పంపినవారు పంపి ఉంటారు, మీరు చెరపగలిగినది మీ ముందున్న ప్రతిని మాత్రమే. అసలు పోయి సవరణ మిగిలితే, 810 ఎక్కడిదో చూసుకుందామనుకున్నవారికి ఆధారం ఉండదు. పాత సందేశానికే జవాబుగా సవరణ పెడితే రెండూ కలిసి కనబడతాయి. ఫైలు పేరులోనే తేదీ, సవరించినది అన్న మాట ఉండాలి. రెండు ఫైళ్ళకూ ఒకే పేరు ఉంటే ఎవరు ఏది తెరుస్తున్నారో దేవుడికే తెలియాలి.

కాగితం రిజిస్టరులో అయితే మన పాత కార్యాలయ పద్ధతి ఇప్పటికీ సరిపోతుంది. తప్పు అంకె మీద ఒకే గీత, కింది అంకె చదవడానికి వీలుగా. పైన సరైన అంకె. పక్కన పొడి సంతకం, తేదీ. తెల్లరంగు పూయడం, బ్లేడుతో గీకడం తనిఖీలో ఎప్పుడూ ప్రశ్నకు దారితీసేవి, కంప్యూటరులో పాత ఫైలును చెరిపి అదే పేరుతో కొత్తది పెట్టడం కూడా ఆ కోవలోదే.

ప్రతి తేడాకూ ఇంత తతంగం అవసరమా అని మీలో కొందరు అనుకుంటున్నారు. అవసరం లేదు. దశాంశాలను సర్దడంలో మొత్తం 625 బదులు 626 వస్తే, ఉదయాన్నే అందరికీ సవరణ పంపడం వారి సమయాన్ని వృథా చేయడమే. సాయంత్రం పట్టిక కింద ఒక గమనిక చాలు. ఆ అంకెను చూసి ఎవరైనా వేరే నిర్ణయం తీసుకుంటారా అన్నదే నేను వేసుకునే ప్రశ్న. 625, 626 మధ్య ఎవరూ నిర్ణయం మార్చుకోరు. కాని మొత్తానికి వర్తించే ఈ సడలింపు రైతుల జాబితాకు వర్తించదు. నష్టం లెక్కింపు జాబితాలో ఒక రైతుకు 80 సెంట్లకు బదులు 8 సెంట్లు పడితే మండలం మొత్తంలో అది కనబడనే కనబడదు, ఆ రైతుకు మాత్రం అదే సర్వస్వం. కౌలు రైతు పేరుకు బదులు భూమి యజమాని పేరు పడినా అంతే, అక్కడ విస్తీర్ణం ఒక్క సెంటు కూడా మారదు. జాబితా అయితే చిన్న తప్పును కూడా అదే రోజు, ఆ రైతుకు కూడా తెలిసేలా సవరించాలి. గ్రామంలో జాబితాను ప్రదర్శించి అభ్యంతరాలు తీసుకునేది ఇందుకే. అభ్యంతరం చెప్పిన రైతును ఫిర్యాదుదారుగా కాక మన లెక్కను సరిచూసిన మనిషిగా చూడండి.

డబ్బు విడుదలైన తరువాత తప్పు బయటపడితే మాత్రం ఈ ఉత్తరం సరిపోదు. అప్పుడు అది పట్టిక సవరణ పరిధి దాటి పై అధికారి ఆదేశంతో జరగవలసిన పని అవుతుంది. మీరు చేయవలసినది తెలిసిన విషయాన్ని తెలిసిన రోజునే రాతపూర్వకంగా పైకి తెలపడం, సొంతంగా ఏ జాబితానూ ముట్టుకోకపోవడం.

తిరిగి మన 15వ తేదీకి వస్తే, ఉదయం సవరణ వెళ్ళింది, డివిజన్ వారు అందినట్టు చెప్పారు, 810ని మార్చామని కూడా చెప్పారు. ఆ రెండవ మాట రాబట్టుకోవాలి, అందింది అన్నంత మాత్రాన మార్చినట్టు కాదు. సాయంత్రం 6 గంటల పట్టికలో నిన్నటి వరుస ఒకటి ఉంటుంది కదా, అందులో 625 అని వేసి పక్కన సవరించినది అని రాయాలి. దాని కింద ఈరోజు 560, తగ్గినది 65. పట్టిక అడుగున, 14వ తేదీ మొదటి పట్టికలోని 810 రద్దయినదని ఒక పంక్తి. 16న, 17న కూడా ఆ పంక్తిని ఉంచండి. మధ్యలో సెలవు నుండి వచ్చి పట్టిక తెరిచేవారు ఒకరిద్దరు ఉంటారు. నీరు తీసి లెక్కింపు మొదలై, ముంపు పట్టిక ఆగిపోయి నష్టం పట్టిక వచ్చిన రోజున దానిని తీసివేయవచ్చు.